ఎన్నిసార్లు కాదు, ఎన్నోసారి: ప్రతి విజిట్‌కీ నంబర్ ఇచ్చే రన్నింగ్ COUNTIF

మొబైల్ సర్వీస్ షాపు నడిపేవాళ్లని "ఈ కస్టమర్ మీ దగ్గరికి ఎన్నిసార్లు వచ్చాడు?" అని అడగండి. రిజిస్టర్ తిరగేసి, వేళ్ల మీద లెక్కపెట్టి "నాలుగుసార్లు" అని చెప్పేస్తారు. ఇప్పుడు ప్రశ్నని కొంచెం మార్చండి. "మొన్న తొమ్మిదో తారీఖున వచ్చాడు కదా, అది ఎన్నోసారి?" ఇక్కడ ఆగి ఆలోచిస్తారు. ఎందుకంటే ఇప్పుడు మొత్తం లెక్కపెడితే సరిపోదు. తొమ్మిదో తారీఖు దాకా లెక్కపెట్టి అక్కడ ఆగాలి.

తెలుగులో మనకి ఈ రెండింటికీ వేర్వేరు మాటలున్నాయి. "ఎన్నిసార్లు" అంటే మొత్తం, "ఎన్నోసారి" అంటే వరసలో స్థానం. ఎక్సెల్‌లోగానీ గూగుల్ షీట్స్‌లోగానీ COUNTIF అనే ఫంక్షన్ మొదటి ప్రశ్నకి జవాబిస్తుందని చాలామందికి తెలుసు. అదే ఫంక్షన్‌లో ఒక్క డాలర్ గుర్తుని సరైన చోట పెడితే రెండో ప్రశ్నకి కూడా జవాబిస్తుంది. దీన్నే రన్నింగ్ COUNTIF అంటారు. ఈ ఆర్టికల్లో అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ తప్పుడు నంబర్ చూపిస్తుందో, ఆ తప్పుని మనం ఎలా పట్టుకోవచ్చో వివరంగా చూద్దాం.

మన షీట్ ఇది

ఫోన్ రిపేర్లు చేసే ఒక ఫ్రెండ్ షాపు కోసం నేను ఇలాంటి షీట్ ఒకటి తయారుచేశాను. షాపులో ఒక ఆఫర్ ఉంది: ప్రతి మూడో విజిట్‌కి టెంపర్డ్ గ్లాస్ ఫ్రీ. ఆఫర్ పెట్టడం తేలికే. కౌంటర్ దగ్గర "అన్నా, నేను మూడోసారి వచ్చా కదా, గ్లాస్ ఏది?" అని అడిగినప్పుడు జవాబు చెప్పడమే కష్టం. లెక్క తప్పితే అయితే షాపుకి నష్టం, లేదంటే కస్టమర్‌తో గొడవ.

అసలు షీట్లో కస్టమర్ కాలమ్‌లో మొబైల్ నంబర్లు ఉంటాయి. ఇక్కడ వాటిని వేయడం బాగోదు కాబట్టి నంబర్ల బదులు కోడ్లు పెట్టి, అర్థం కావడానికి తొమ్మిది ఎంట్రీలతో ఒక చిన్న శాంపిల్ రాశాను. మొదటి రోలో హెడింగ్స్ ఉన్నాయి, డేటా రెండో రో నుంచి మొదలవుతుంది.

| రో | A: తేదీ | B: కస్టమర్ | C: పని | D: విజిట్ |
|---|---|---|---|---|
| 2 | 02-01-2025 | K-11 | స్క్రీన్ గార్డ్ | 1 |
| 3 | 02-01-2025 | K-07 | బ్యాటరీ | 1 |
| 4 | 04-01-2025 | K-11 | ఛార్జింగ్ పోర్ట్ | 2 |
| 5 | 05-01-2025 | K-23 | డిస్‌ప్లే | 1 |
| 6 | 07-01-2025 | K-07 | స్పీకర్ | 2 |
| 7 | 09-01-2025 | K-11 | బ్యాక్ కవర్ | 3 |
| 8 | 09-01-2025 | K-23 | డిస్‌ప్లే | 2 |
| 9 | 12-01-2025 | K-07 | ఛార్జింగ్ పోర్ట్ | 3 |
| 10 | 15-01-2025 | K-11 | బ్యాటరీ | 4 |

D కాలమ్‌లో ఉన్న నంబర్లే మనకి కావాల్సినవి. వాటిని చేత్తో టైప్ చేయకుండా ఫార్ములాతో తెప్పించాలి.

ఒక్క డాలర్ గుర్తు చేసే పని

ముందు మామూలు COUNTIF చూద్దాం. D2లో ఇలా రాస్తే:

```
=COUNTIF(B$2:B$10,B2)
```

"B2 నుంచి B10 దాకా వెతికి, B2లో ఉన్న K-11 ఎన్నిచోట్ల ఉందో చెప్పు" అని అర్థం. జవాబు 4. దీన్ని కిందికి లాగితే K-11 ఉన్న ప్రతి రోలోనూ 4 అనే వస్తుంది. మొత్తం కరెక్టే గానీ, ఏ విజిట్ మొదటిది, ఏది మూడోది అనేది దీన్నిబట్టి తెలియదు.

ఇప్పుడు రేంజ్ చివర్లో ఉన్న B$10 తీసేసి B2 పెడదాం:

```
=COUNTIF(B$2:B2,B2)
```

చూడ్డానికి వింతగా ఉంటుంది, B2 నుంచి B2 దాకా అంటే ఒక్క సెల్లే కదా అని. నిజమే, ఈ రోలో అది ఒక్క సెల్లే. అసలు సంగతి కిందికి లాగినప్పుడు జరుగుతుంది. మొదటి చివర B$2లో 2 ముందు డాలర్ ఉంది కాబట్టి అది కదలదు. రెండో చివర B2కి డాలర్ లేదు కాబట్టి ఫార్ములా ఒక రో కిందికి దిగినప్పుడల్లా అదీ ఒక రో దిగుతుంది. అందుకే నాలుగో రోకి వచ్చేసరికి ఫార్ములా ఇలా మారుతుంది:

```
=COUNTIF(B$2:B4,B4)
```

అంటే "మొదటి ఎంట్రీ నుంచి ఈ రో దాకా మాత్రమే చూడు, కింద ఏముందో పట్టించుకోకు". B2, B3, B4లలో K-11 రెండుచోట్ల ఉంది, కాబట్టి జవాబు 2. ఏడో రోలో రేంజ్ B$2:B7 అవుతుంది, అందులో K-11 మూడుచోట్ల ఉంది, జవాబు 3. ఆ తొమ్మిదో తారీఖు విజిట్ ఎన్నోసారి అనే ప్రశ్నకి ఇదే జవాబు. ప్రతి కస్టమర్‌కీ లెక్క విడిగా 1 నుంచి మొదలవుతుంది, ఎందుకంటే ఏ రోకి ఆ రోలో ఉన్న పేరునే ఫార్ములా వెతుకుతుంది.

లాప్‌టాప్‌లో అయితే ఫార్ములా టైప్ చేసేటప్పుడు మొదటి B2 మీద కర్సర్ పెట్టి F4 రెండుసార్లు నొక్కితే B$2 వస్తుంది. ఫోన్‌లో అయితే డాలర్ గుర్తుని కీబోర్డు నుంచి టైప్ చేయొచ్చు. తర్వాత D2ని కాపీ చేసి D3 నుంచి D10 దాకా పేస్ట్ చేయండి. కంప్యూటర్లో సెల్ కుడి కింది మూలన ఉండే చిన్న చతురస్రాన్ని డబుల్ క్లిక్ చేస్తే పక్క కాలమ్‌లో డేటా ఉన్నంతవరకూ అదే నిండిపోతుంది. ఎక్సెల్‌లో, గూగుల్ షీట్స్‌లో ఈ ఫార్ములాని ఇలాగే రాయాలి, ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు.

ఇక ఆఫర్ సంగతి. మూడు, ఆరు, తొమ్మిది ఇలా మూడుతో భాగించబడే విజిట్లకి గ్లాస్ ఇవ్వాలి. E2లో ఇది రాసి కిందికి లాగండి:

```
=IF(MOD(D2,3)=0,"FREE","")
```

మన షీట్లో ఏడో రో, తొమ్మిదో రో, ఈ రెండిటికే FREE అని వస్తుంది. K-11కి జనవరి 9న, K-07కి జనవరి 12న గ్లాస్ ఇవ్వాలన్నమాట. ఇక కౌంటర్ దగ్గర వాదన ఉండదు.

అదే కస్టమర్, అదే కంప్లైంట్

షీట్‌ని ఇంకోసారి చూడండి. K-23 జనవరి 5న డిస్‌ప్లే మార్పించుకుని, నాలుగు రోజులకే మళ్లీ డిస్‌ప్లే కోసం వచ్చాడు. విజిట్ నంబర్ మాత్రం మామూలుగా 2 అనే చూపిస్తుంది. K-07 రెండోసారి స్పీకర్ కోసం వచ్చినప్పుడు కూడా అదే 2. కానీ షాపుకి ఈ రెండూ ఒకటి కాదు. K-07 రెండోసారి రావడం నమ్మకం, K-23 రావడం రీవర్క్. వేసిన డిస్‌ప్లేలోనో, ఫిట్టింగ్‌లోనో ఏదో తేడా ఉందని దానర్థం.

దీన్ని పట్టుకోవాలంటే గ్రూప్ అంటే "కస్టమర్" అని కాకుండా "కస్టమర్ ప్లస్ పని" అని చెప్పాలి. COUNTIFS ఆ పని చేస్తుంది. చివర S ఉంది, గమనించండి:

```
=COUNTIFS(B$2:B2,B2,C$2:C2,C2)
```

రెండు రేంజ్‌లకీ పైచివర లాక్ అయి, కిందిచివర ఫ్రీగా ఉండాలి. ఈ ఫార్ములాకి ఎనిమిదో రోలో ఒక్కదాంట్లోనే 2 వస్తుంది, మిగతా అన్నింట్లో 1. ఛార్జింగ్ పోర్ట్ రెండుసార్లు కనిపించినా ఒకటి K-11ది, ఇంకోటి K-07ది కాబట్టి రెండింటికీ 1 అనే వస్తుంది. 1 కంటే ఎక్కువ నంబర్ ఎక్కడ కనిపించినా ఆ జాబ్‌ని ఒకసారి తెరిచి చూడాలి.

గ్రూప్‌కి ఏ కాలమ్స్ తీసుకోవాలనేది మీరు అడిగే ప్రశ్నని బట్టి ఉంటుంది. నాకైతే ఇలాంటి షీట్‌లో విజిట్ నంబర్ కంటే ఈ రీవర్క్ నంబరే ఎక్కువ ఉపయోగపడింది.

సార్ట్ చేస్తే లెక్క తలకిందులు

ఇప్పుడు జాగ్రత్తగా చూడాల్సిన విషయానికి వద్దాం. రన్నింగ్ COUNTIFకి తేదీ అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే: షీట్‌లో నా పైన ఏమేం రోలు ఉన్నాయి అని. ఎంట్రీలు వచ్చిన వరసలోనే ఉన్నంతవరకూ "పైన ఉన్నది" అంటే "ముందు జరిగింది" అని అర్థం. వరస మారిందంటే ఆ అర్థం పోతుంది.

చాలామంది కొత్త ఎంట్రీలు పైన కనిపించాలని తేదీ ప్రకారం రివర్స్‌లో సార్ట్ చేస్తారు. ఫోన్ గ్యాలరీలో కొత్త ఫొటో పైన చూసి చూసి అలవాటైపోయింది మనకి. మన షీట్‌ని అలా సార్ట్ చేస్తే K-11 జనవరి 15 విజిట్‌కి 1, జనవరి 9కి 2, జనవరి 4కి 3, జనవరి 2కి 4 వస్తుంది. FREE అనేది జనవరి 9 నుంచి జనవరి 4కి వెళ్లిపోతుంది. ఎర్రర్ రాదు, ఏ సెల్ ఎర్రబడదు, అన్నీ చక్కటి అంకెలే. అందుకే ఇది ప్రమాదం. పట్టుకోవడం మాత్రం తేలికే: ఎవరైనా ఒక కస్టమర్‌ని ఫిల్టర్ చేసి, అతని అన్నిటికన్నా పాత తేదీ పక్కన 1 ఉందో లేదో చూడండి. లేకపోతే వరస తిరగబడినట్టే.

ఫిల్టర్ చేయడం వల్ల మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఫిల్టర్ రోలని దాస్తుంది గానీ కదపదు, దాగిన రోలని కూడా COUNTIF లెక్కపెడుతుంది. కాబట్టి నంబర్లు అలాగే ఉంటాయి.

సార్ట్ చేయక తప్పదు అనుకుంటే రెండు దారులున్నాయి. మొదటిది, D కాలమ్‌ని కాపీ చేసి అదే చోట వాల్యూస్‌గా పేస్ట్ చేయడం. అప్పుడు ఫార్ములా పోయి అంకె మాత్రమే మిగులుతుంది, ఎలా సార్ట్ చేసినా ఆ అంకె తన రోతోనే వెళ్తుంది. నెలాఖరున ఎంట్రీలు క్లోజ్ చేసేవాళ్లకి ఇది చాలు. రోజూ ఎంట్రీలు పడే షీట్‌కి మాత్రం రెండో దారి మంచిది: పైనా కిందా అని కాకుండా తేదీనే చూసి లెక్కపెట్టమని చెప్పడం.

```
=COUNTIFS(B$2:B$10,B2,A$2:A$10,"<="&A2)
```

ఇక్కడ రెండు రేంజ్‌లూ మొత్తం లాక్ అయ్యాయి. "ఇదే కస్టమర్‌వి, ఈ తేదీన గానీ అంతకుముందు గానీ జరిగిన ఎంట్రీలు ఎన్ని?" అని అడుగుతున్నాం. షీట్ ఏ వరసలో ఉన్నా జనవరి 9న వచ్చిన K-11కి 3 అనే వస్తుంది.

దీనికీ ఒక పరిమితి ఉంది. ఒకే కస్టమర్ ఒకే రోజు రెండుసార్లు వస్తే ఏమవుతుంది? K-07 జనవరి 12న పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చాడనుకుందాం. రెండు ఎంట్రీలకీ తేదీ ఒకటే కాబట్టి రెండింటికీ 4 వస్తుంది, 3 అనేది మాయమైపోతుంది. 3 లేదంటే FREE కూడా లేదు! తేదీతోపాటు టైమ్ కూడా ఎంట్రీ చేస్తే ఈ సమస్య తీరిపోతుంది. ఎక్సెల్ ఒక రోజుని 1 అనే అంకెగా, టైమ్‌ని దాని భాగంగా దాచుకుంటుంది కాబట్టి పొద్దున ఎంట్రీ సాయంత్రం ఎంట్రీ కంటే చిన్న అంకె అవుతుంది, పోలిక సరిగ్గా జరుగుతుంది.

ఇంకొకటి, తేదీ నిజంగా తేదీగానే ఉందో లేదో చూసుకోండి. కంప్యూటర్ సెట్టింగ్‌లో అమెరికా పద్ధతి ఉంటే 15-01-2025 అని టైప్ చేసినప్పుడు, పదిహేనో నెల లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని ఉత్త టెక్స్ట్‌గా వదిలేస్తుంది. 02-01-2025ని మాత్రం ఫిబ్రవరి 1గా తీసుకుంటుంది. ఒక ఖాళీ సెల్లో ఇది రాసి కిందికి లాగండి:

```
=ISNUMBER(A2)
```

ఎక్కడైనా FALSE వస్తే ఆ తేదీ తేదీ కాదు. అంతేకాదు, అదే షీట్‌లో TRUE వచ్చిన తేదీల్లో కూడా రోజూ నెలా తారుమారై ఉండొచ్చు కాబట్టి వాటినీ ఒకసారి చూడండి.

మొబైల్ నంబర్లు, సిమ్ నంబర్లు

కస్టమర్‌ని గుర్తుపట్టడానికి మన దగ్గర ఎక్కువగా ఫోన్ నంబరే వాడతాం. అయితే ఒక్కో స్టాఫ్ ఒక్కోలా టైప్ చేస్తారు. ఒకరు పది అంకెలూ కలిపి, ఇంకొకరు అయిదేసి అంకెలుగా విడదీసి మధ్యలో స్పేస్ ఇచ్చి, మరొకరు ముందు +91 పెట్టి. మనిషికి మూడూ ఒకటే, COUNTIFకి మూడు వేర్వేరు కస్టమర్లు. రోజూ వచ్చే మనిషి పక్కన 1 కనిపించిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

దీనికి ఒక సహాయక కాలమ్ పెట్టి నంబర్‌ని శుభ్రం చేసుకోవాలి. ఖాళీగా ఉన్న F2లో ఇలా:

```
=RIGHT(SUBSTITUTE(SUBSTITUTE(B2," ",""),"-",""),10)
```

స్పేస్‌లు, మధ్యలోని గీతలు తీసేసి చివరి పది అంకెలని మాత్రమే ఉంచుతుంది. +91 ఉన్నా, ముందు సున్నా ఉన్నా అవి రాలిపోతాయి. తర్వాత విజిట్ ఫార్ములాలో B బదులు F వాడండి. ఈ శుభ్రం చేసే పనిని నేరుగా COUNTIF లోపలే చేసేద్దామంటే ఎక్సెల్ ఒప్పుకోదు, ఎందుకంటే దాని మొదటి భాగంలో షీట్‌లో ఉన్న నిజమైన రేంజే ఉండాలి, లెక్కించి తెచ్చిన లిస్ట్ పనికిరాదు.

ఇక గ్యాడ్జెట్ల మీద పనిచేసేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సినది ఒకటుంది. ఎక్సెల్ ఏ అంకెనైనా 15 డిజిట్ల వరకే కచ్చితంగా గుర్తుంచుకుంటుంది. ఐఎంఈఐ నంబర్‌లో ఉండేది సరిగ్గా 15 డిజిట్లే కాబట్టి అంచు మీద బతికిపోతుంది. సిమ్ కార్డు మీద ముద్రించి ఉండే పొడవాటి నంబర్ మాత్రం అంతకంటే పెద్దది, సాధారణంగా 19 లేదా 20 డిజిట్లు. మన దేశంలో సిమ్‌లైతే అది 8991తో మొదలవుతుంది. దాన్ని మామూలు సెల్లో టైప్ చేస్తే 15 డిజిట్ల తర్వాతవన్నీ సున్నాలైపోతాయి, మళ్లీ తిరిగి రావు. అందుకే ముందుగా ఆ కాలమ్‌ని టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చాలి.

ఇక్కడితో అయిపోయిందనుకుంటాం, కానీ అవ్వదు. సెల్లో టెక్స్ట్‌గా పూర్తి నంబర్ కనిపిస్తున్నా, ఎక్సెల్‌లో COUNTIF పోల్చేటప్పుడు అంకెల్లా కనిపించే టెక్స్ట్‌ని మళ్లీ అంకెగా మార్చుకుంటుంది. మళ్లీ అదే 15 డిజిట్ల హద్దు. ఒకే బాక్సులో వరస నంబర్లతో వచ్చిన సిమ్‌లకి మొదటి 15 డిజిట్లు ఒకేలా ఉండి చివరివే మారతాయి. దాంతో ప్రతి సిమ్ వేరే అయినా ఫార్ములా వాటికి 1, 2, 3, 4 అని నంబర్లు ఇచ్చుకుంటూ పోతుంది. అన్నింటికీ 1 రావాల్సిన చోట ఇలా మెట్లు కనిపిస్తే కారణం ఇదే. అప్పుడు COUNTIF వదిలేసి ఇది వాడండి:

```
=SUMPRODUCT(--(B$2:B2=B2))
```

ఇందులో మామూలు సమానం గుర్తుతో పోలిక జరుగుతుంది. టెక్స్ట్‌ని టెక్స్ట్‌గానే, చివరి డిజిట్ దాకా పోలుస్తుంది. ముందున్న రెండు మైనస్‌లు అవును, కాదు అనే జవాబుల్ని 1, 0గా మారుస్తాయి, SUMPRODUCT వాటిని కూడుతుంది. లాక్ చేసే పద్ధతి మాత్రం అదే, పైచివర కదలదు, కిందిచివర దిగుతుంది.

ఎక్సెల్ టేబుల్‌లో పెడితే

డేటాని సెలెక్ట్ చేసి Ctrl+T కొట్టి టేబుల్‌గా మార్చుకుంటే కొత్త రో రాగానే ఫార్ములా దానంతటదే వస్తుంది. బాగానే ఉంటుంది గానీ, రన్నింగ్ రేంజ్‌తో ఒక చిక్కు వస్తుంది. పదో రో కింద కొత్త ఎంట్రీ వేయగానే టేబుల్ పెరిగిందని ఎక్సెల్ గమనించి, పదో రోలో B$2:B10 అని ఉన్న రేంజ్‌ని కూడా B$2:B11 చేసేస్తుంది. కొత్తగా వచ్చినది కూడా K-11దే అయితే పదో రోలో 4 ఉండాల్సింది 5 అవుతుంది, పదకొండులోనూ 5. చివరి రెండు ఎంట్రీలకి ఒకే నంబర్ కనిపిస్తే ఇది జరిగిందని అర్థం.

దీన్ని తప్పించాలంటే సెల్ అడ్రస్‌లు కాకుండా టేబుల్ భాషలోనే చెప్పాలి. కస్టమర్ కాలమ్ హెడింగ్ Customer అని టైప్ చేశామనుకుంటే:

```
=COUNTIF(INDEX([Customer],1):[@Customer],[@Customer])
```

"ఈ కాలమ్‌లో మొదటి సెల్ నుంచి ఈ రోలో ఉన్న సెల్ దాకా" అని దీనర్థం. పొరపాటున మారిపోవడానికి ఇందులో రో నంబరే లేదు, కాబట్టి ఎన్ని రోలు కలిసినా చెక్కుచెదరదు.

షీట్ బరువెక్కితే

రన్నింగ్ COUNTIF ప్రతి రోలోనూ మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. వెయ్యో రో వెయ్యి సెల్స్ చూస్తుంది, పదివేలో రో పదివేలు చూస్తుంది. పదివేల రోల షీట్‌లో ఇవన్నీ కలిపితే 5,00,05,000 పోలికలు, అంటే అయిదు కోట్ల పైమాటే. రోలు రెండింతలైతే పని దాదాపు నాలుగింతలవుతుంది. రెండు మూడు వేల రోల దాకా మీకు తేడా తెలియకపోవచ్చు గానీ, పెద్ద షీట్‌లో పైన ఒక పేరు సరిచేసినప్పుడల్లా ఆగి ఆగి పనిచేస్తుంటే, ముఖ్యంగా ఫోన్‌లో, దానికి ఇదే కారణం.

అప్పుడు పద్ధతి మార్చాలి. షీట్‌ని ముందు కస్టమర్ ప్రకారం, ఒకే కస్టమర్ లోపల తేదీ ప్రకారం సార్ట్ చేయండి. ఒకరి ఎంట్రీలన్నీ ఒకచోటికి వస్తాయి కాబట్టి పైన ఒక్క రో చూస్తే చాలు:

```
=IF(B2=B1,D1+1,1)
```

"పై రోలో ఇదే కస్టమర్ ఉంటే అతని నంబర్‌కి ఒకటి కలుపు, లేకపోతే 1 నుంచి మొదలుపెట్టు." పదివేల రోలకి పదివేల పోలికలే. సార్ట్ వరస అలాగే ఉన్నంతవరకే ఇది నిజం కాబట్టి నంబర్లు వచ్చాక వాల్యూస్‌గా పేస్ట్ చేసుకుని, ఆ తర్వాత మళ్లీ మీకు నచ్చినట్టు సార్ట్ చేసుకోండి.

నంబర్లు సరిగ్గా వచ్చాయా, అవి ఏం చెప్తున్నాయి?

D కాలమ్ తయారయ్యాక ఖాళీ సెల్లో ఇది రాయండి:

```
=COUNTIF(D2:D10,1)
```

ప్రతి కస్టమర్‌కీ ఒకే ఒక్క 1 ఉంటుంది కాబట్టి, ఇది మొత్తం ఎంతమంది వేర్వేరు కస్టమర్లు వచ్చారో చెప్తుంది. మన షీట్‌లో 3. మీకు తెలిసిన కస్టమర్ల సంఖ్య కంటే ఇది ఎక్కువ వస్తే ఒకే మనిషి రెండు రకాలుగా టైప్ అయ్యాడని లెక్క. తక్కువ వస్తే సిమ్ నంబర్ల దగ్గర చెప్పుకున్నట్టు ఇద్దరు కలిసిపోయి ఉంటారు.

చివర్లో ఉన్న 1 బదులు 2, 3, 4 పెట్టి చూడండి. మన షీట్‌లో వరసగా 3, 2, 1 వస్తాయి. అంటే వచ్చిన ముగ్గురూ రెండోసారి వచ్చారు, ఇద్దరు మూడోసారి, ఒక్కరు నాలుగోసారి. ఒక నెల రిజిస్టర్ మొత్తం మీద ఇదే చేస్తే, ఎంతమంది ఒక్కసారి వచ్చి ఇక రాలేదో, ఎక్కడ జనం ఎక్కువగా ఆగిపోతున్నారో కనిపిస్తుంది. మొదటి విజిట్ దగ్గరే చాలామంది ఆగిపోతుంటే మూడో విజిట్‌కి గ్లాస్ ఫ్రీ ఇవ్వడం వల్ల పెద్దగా లాభం లేదు, రెండో విజిట్‌కే ఏదో ఒకటి ఇవ్వాలి. ఈ మాట చెప్పడానికి "ఎన్నిసార్లు" అనే మొత్తం కంటే, ప్రతి రో పక్కన ఉన్న "ఎన్నోసారి" అనే ఆ చిన్న అంకే ఎక్కువ పనికొస్తుంది.